చొంగ కారుతూ, పడుకోనని మొరాయించే గొంతునొప్పి

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. పిల్లాడు గొంతు నొప్పంటే కొండనాలుక జారిందనుకుని, ఉప్పూ మిరియాలపొడీ వేలికద్ది గొంతులో నొక్కే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. మామూలు గొంతునొప్పికి దానివల్ల పిల్లాడి ఏడుపు తప్ప ఒరిగేదేమీ లేదు. ఒకరకం గొంతునొప్పిలో మాత్రం ఆ వేలే ఊపిరి ఆపేయగలదు. సొంత ఉమ్మి కూడా మింగలేనంత నొప్పి, నోటి నుంచి ఆగకుండా చొంగ, ఎంత బుజ్జగించినా వెల్లకిలా పడుకోకపోవడం: ఈ మూడూ కలిసి కనిపించాయంటే కష్టం గొంతుది కాదు, ఊపిరిది.

నాలుగేళ్ల పిల్లాడిని ఊహించుకుందాం. మధ్యాహ్నం దాకా బాగానే ఆడుకున్నాడు. సాయంత్రానికి 103 డిగ్రీల జ్వరం, గొంతునొప్పి. ఎనిమిదింటికి నీళ్లు కూడా వద్దన్నాడు. పదింటికి మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ పరుపుకు ఆనించి, ముందుకు వంగి, గడ్డం ముందుకు చాచి, నోరు తెరిచి ఉన్నాడు. చొక్కా ముందంతా చొంగతో తడిసింది. మాట నోట్లో వేడి ముద్ద పెట్టుకున్నట్టు ముద్దగా వస్తోంది. దగ్గు దాదాపు లేదు. గాలి పీల్చినప్పుడు మాత్రం సన్నటి గురక. చొంగ చూసి 'ఏ పన్నో వస్తోందిలే' అంటారు, పడుకోకపోతే 'మొండికేశాడు' అంటారు. రెండూ పొరపాటే. నాలుక మొదట్లో, గాలిగొట్టం పైన ఆకులా పలచగా ఒక మూత ఉంటుంది. దాన్ని ఎపిగ్లాటిస్ అంటారు. బ్యాక్టీరియా సోకితే అది గంటల్లో బొటనవేలి కొసలా ఉబ్బిపోతుంది. ముందుకు వంగితే ఆ వాపు దారికి కాస్త అడ్డు తొలగుతుంది, వెల్లకిలా పడుకుంటే వెనక్కి జారి దారిని మూస్తుంది. పిల్లాడికి ఇదంతా ఎవరూ చెప్పలేదు, కానీ ఊపిరి ఆడే భంగిమను వాడే వెతుక్కున్నాడు. దాన్ని మార్చే హక్కు అమ్మకూ లేదు, అంబులెన్స్ సిబ్బందికీ లేదు.

'ఒకసారి నోరు తెరిపించి చూస్తే తెలిసిపోతుంది కదా' అన్నది మరో అపోహ. చూసినా తెలియకపోవచ్చు. వాపు టాన్సిల్స్ కంటే కింద ఉంటుంది కాబట్టి, ఇంత నొప్పిలోనూ నోరు మామూలుగానే కనిపించవచ్చు. చెంచాతో నాలుక నొక్కితే మాత్రం గొంతు కండరాలు బిగుసుకుని, మిగిలిన సందు కూడా మూసుకుపోవచ్చు. ఆ సందు ఎంతని? నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న దారిలో చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాపు వస్తే, గాలి పట్టే జాగా నాలుగో వంతుకు పడిపోతుంది. గాలికి ఎదురయ్యే అడ్డంకి, లెక్క ప్రకారం, పదహారు రెట్లవుతుంది. ఏడిస్తే గాలి ఇంకా వేగంగా లాగాలి, అడ్డంకి ఇంకా పెరుగుతుంది. అందుకే సూది పొడవడాన్ని కూడా ఊపిరి దారి భద్రమయ్యేదాకా వాయిదా వేస్తారు. గింజుకున్న పిల్లాడు ఉన్నట్టుండి సద్దుమణిగి, మత్తుగా, పాలిపోయి కనిపిస్తే తగ్గిందని సంబరపడకూడదు. అది అలసిపోవడం.

టీకాలు వేయించాం కదా అనేవాళ్ల మాటలో నిజం ఉంది. ఈ జబ్బుకు ఒకప్పుడు ముఖ్య కారణం హిబ్ అనే బ్యాక్టీరియా. మన దేశంలో 2011లో కేరళ, తమిళనాడులతో మొదలై, ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాలో దానికీ రక్షణ ఉంది. టీకా అందిన చోటల్లా ఈ జబ్బు అరుదైంది. అయితే డోసులు తప్పిన పిల్లలున్నారు, ఇదే వాపు తెచ్చే వేరే బ్యాక్టీరియాలూ ఉన్నాయి. గొంతు వెనక చీముగడ్డ కట్టినా, మింగిన బటన్ బ్యాటరీ ఇరుక్కున్నా చొంగే కారుతుంది. వాటిలో ఏదైనా ఆగేది కాదు. అలాగని ప్రతి గొంతునొప్పికీ ఆస్పత్రికి పరుగెత్తమనడం లేదు. చాలా గొంతునొప్పులు వైరస్ వల్ల వచ్చి వాటంతటవే పోతాయి. ఆ పిల్లలు విసుక్కుంటూనైనా నీళ్లు తాగుతారు, పడుకుంటారు. చూడాల్సింది నొప్పిని కాదు, ఉమ్మి మింగుతున్నాడా, పడుకోగలుగుతున్నాడా అన్నది.

అవి చేయలేకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, పిల్లాణ్ని అమ్మ ఒళ్లో కూర్చున్నట్టే ఉంచి, మత్తు డాక్టరూ ఈఎన్‌టీ సర్జనూ ఉండే ఆస్పత్రికే తీసుకెళ్లాలి. తేనె, నీళ్లు, సిరప్పు, ఏవీ నోట్లో పోయొద్దు. ఆక్సిజన్ ఇస్తే గొట్టం ముఖానికి దగ్గరగా పట్టుకుంటే చాలు, మాస్కు బిగించి ఏడిపించక్కర్లేదు. అక్కడ సాధారణంగా ఎక్స్‌రే కోసం ఆగకుండా ఆపరేషన్ థియేటర్‌కే తీసుకెళ్తారు. కూర్చోబెట్టే మత్తుగాలి పీల్పించి, నిద్రలోకి జారాక గాలిగొట్టంలోకి సన్నటి ట్యూబు వేస్తారు. అది కుదరకపోతే మెడ దగ్గర దారి చేయడానికి సర్జన్ పక్కనే సిద్ధంగా ఉంటాడు. ఆ తర్వాతే సూదులు, యాంటీబయాటిక్. వాపు తగ్గి ట్యూబు తొలగించడానికి మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ట్యూబు పడిన మరుక్షణం నుంచి మాత్రం, రాత్రంతా మంచం అంచున కూర్చున్న ఆ పిల్లాడు వెల్లకిలా పడుకోగలడు.