పదిహేను ఎప్పుడు తొమ్మిదవుతుంది?

వంద పడకల ఆసుపత్రి ఒకటి ఉందనుకుందాం. ఆక్సిజన్ ట్యాంకర్ రావడానికి దానికి ఒక్కటే దారి, మధ్యలో వాగు. వాగు పొంగిందంటే ట్యాంకర్ అవతలే ఆగిపోతుంది. ఇలాంటి ముప్పులన్నీ వరుసగా రాసుకునే పట్టికను రిస్క్ రిజిస్టర్ అంటారు. ప్రతి ముప్పుకూ రెండు మార్కులు వేస్తారు. జరిగే అవకాశం ఎంతన్నదానికి 1 నుంచి 5, జరిగితే నష్టం ఎంతన్నదానికి 1 నుంచి 5. రెండూ గుణిస్తే రేటింగ్ వస్తుంది. మన ఆసుపత్రి వాళ్లు వాగు ముప్పుకు అవకాశం 3, నష్టం 5 వేసుకున్నారు. రేటింగ్ 15.

మూడు నెలలకోసారి అందరూ కూర్చుని ఈ పట్టికను సమీక్షిస్తారు. కిందటిసారి రెండు పనులు చేయాలని తీర్మానించారు. ఒకటి, రెండో సరఫరాదారుతో ఒప్పందం. రెండు, నిల్వ సిలిండర్లు తెప్పించి పైపులైనుకు కలపడం. రెండూ పూర్తయ్యాయని స్టోర్స్ వాళ్లు చెప్పారు. రేటింగ్ తగ్గించేద్దామన్నారు ఒకరు. సమీక్ష అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

రెండో సరఫరాదారు ట్యాంకర్ ఏ దారిన వస్తుంది? అదే వాగు దాటి. కాబట్టి మొదటి కంపెనీ చేతులెత్తేస్తే ఈ ఒప్పందం అక్కరకొస్తుంది గానీ వాగు పొంగితే కాదు. అవకాశం 3 దగ్గరే ఉంటుంది. ఇక సిలిండర్లు వాగును ఆపలేవు, కానీ ట్యాంకర్ రాని గంటల్లో రోగులను కాపాడతాయి. అంటే అవి తగ్గించేది అవకాశాన్ని కాదు, నష్టాన్ని. ట్యాంకు సరఫరా కట్టేసి, వార్డులన్నీ సిలిండర్ల మీద నడిచి, ఎన్ని గంటలు వచ్చిందో కొలిస్తే నష్టాన్ని 5 నుంచి 3కు దించవచ్చు. అప్పుడు రేటింగ్ 9 అవుతుంది. ఆ పరీక్ష ఇంకా జరగలేదు. కాబట్టి ఈ రోజుకు 15 పదిహేనే.

మినిట్స్‌లో ఈ వరుసను ఇలా రాస్తారు: "ఆక్సిజన్ సరఫరా. రేటింగ్ 15, మార్పు లేదు. కారణం: సిలిండర్లు అమర్చారు, పరీక్షించలేదు, రెండో సరఫరాదారుదీ అదే దారి. బాధ్యులు: మెడికల్ సూపరింటెండెంట్. చర్య: బయోమెడికల్ ఇంజినీర్ మే 31లోగా పరీక్ష జరిపి, గంటల లెక్కతో నివేదిక ఇవ్వాలి. అది చూశాకే నష్టం 3గా మార్చాలి."

ఇందులో బాధ్యులు వేరు, పని చేసేవారు వేరు. పరీక్ష జరిపేది ఇంజినీరే అయినా, డబ్బు మంజూరు చేయాలన్నా, అవసరమైతే ఆపరేషన్లు వాయిదా వేయాలన్నా అధికారం సూపరింటెండెంట్‌ది. బాధ్యుల గడిలో "మెయింటెనెన్స్ విభాగం" అని రాసి ఊరుకుంటే, మూడు నెలల తర్వాత జవాబు చెప్పడానికి ఎవరూ ఉండరు.

కాగితం మీద వరుస మారి, ముప్పు మాత్రం అలాగే ఉండిపోతే ఏమవుతుందో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చరిత్రలో కనిపిస్తుంది. స్పేస్ షటిల్ బూస్టర్ రాకెట్ భాగాల అతుకుల్లో ఓ-రింగులనే రబ్బరు వలయాలు ఉండేవి. 1982 డిసెంబరులోనే ఆ అతుకును "క్రిటికాలిటీ 1" వర్గంలో చేర్చారు. అది విఫలమైతే ఆదుకునే రెండో రక్షణ లేదని దానర్థం. అంటే రేటింగ్ సరిగానే ఉంది. వలయాలు కాలిన గుర్తులు మళ్లీ కనిపించడంతో 1985లో, సమస్య తేలేదాకా ప్రయోగం చేయరాదన్న ఆంక్ష కూడా పెట్టారు. కానీ ఆ తర్వాత ఒక్కో ప్రయోగానికీ మినహాయింపు ఇస్తూ పోయారు, వరుసగా ఆరు సార్లు. 1986 జనవరి 23న, ఆ సమస్య ముగిసినట్టు రికార్డుల్లోకి ఎక్కింది. అతుకు మాత్రం మారలేదు. జనవరి 28 ఉదయం చలికి బిగుసుకున్న వలయం వేడి వాయువును ఆపలేకపోయింది. ఛాలెంజర్‌లోని ఏడుగురూ మరణించారు. ఆంక్ష సంగతీ, మినహాయింపుల సంగతీ పైస్థాయిలో ప్రయోగాన్ని అనుమతించిన అధికారులకు తెలియదని రోజర్స్ కమిషన్ విచారణలో తేలింది.

అందుకే బాగా నడిచే సమీక్షల్లో రెండు కట్టుబాట్లు పెట్టుకుంటారు. అంకె తగ్గితే, బయట వాస్తవంగా ఏం మారిందో, దానికి ఆధారమేమిటో అదే వరుసలో రాయాలి. గడువు రెండోసారి పొడిగించాల్సి వస్తే, ఆ నిర్ణయం సమావేశంలో కూర్చున్నవారిది కాదు, వారి పైఅధికారిది. పొడిగింపుకు ఒప్పుకుంటే, ఆ ముప్పును భరిస్తున్నది తానేనని ఆయన సంతకంతో మినిట్స్‌లోకి ఎక్కాలి.