చందాల యాప్ ఎన్ని చోట్ల ఉండాలి? ఒక జోనా, మూడు జోన్లా, రెండు రీజియన్లా?



గత ఉగాది సాయంత్రం మా హాల్లో పంచాంగ శ్రవణం జరుగుతుండగా చందాల యాప్ ఆగిపోయింది. తిరిగి పనిచేయడానికి దాదాపు మూడు గంటలు పట్టింది. కొందరికి ఖాతాలో డబ్బు తగ్గింది కానీ రసీదు రాలేదు. పింఛను మీద బతికే ఒక పెద్దావిడ, కట్టింది చేరలేదేమోనని మళ్లీ కట్టారు. రెండుసార్లూ డబ్బు పోయింది. ఆ రెండో మొత్తం ఆమె చేతికి వచ్చేసరికి పదకొండు రోజులైంది. యాప్ నడిపే సంస్థను అడిగితే, "మా సర్వర్ ఉన్న జోన్‌లో కరెంటు పోయింది" అన్నారు.

ఇప్పుడు నాలుగు సంఘాలం కలిసి కొత్త యాప్ చేయించుకుంటున్నాం. సభ్యత్వ రుసుము, హాలు అద్దె, విద్యార్థుల సహాయ నిధి అన్నీ అందులోనే కట్టాలి. వచ్చిన కొటేషన్‌లో మూడు ధరలున్నాయి: సింగిల్ జోన్, మల్టీ జోన్, మల్టీ రీజియన్. రెండోది మొదటి దానికి రెట్టింపు కంటే కాస్త తక్కువ. మూడోది మూడు రెట్లు దాటింది. పది మంది డబ్బు ఖర్చు పెట్టేముందు ఈ మాటల అర్థం తెలుసుకోవాలని, క్లౌడ్ పనిలో ఉన్న మా సభ్యుల పిల్లలతో రెండు ఆదివారాలు కూర్చున్నాం. మాకు అర్థమైనది, మీ సంఘాలకూ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

జోన్ అంటే ఏమిటి, రీజియన్ అంటే ఏమిటి

క్లౌడ్ అంటే ఎక్కడో ఆకాశంలో లేదు. అది కరెంటు, ఏసీ, కేబుళ్లు ఉన్న భవనాలే. ఒకే కరెంటు ఏర్పాటు మీద, ఒకే చల్లదనం ఏర్పాటు మీద నడిచే భవనాన్ని గానీ, కొన్ని భవనాల గుంపును గానీ జోన్ అంటారు. ఒక నగరం చుట్టుపక్కల, విడివిడి కరెంటు ఏర్పాట్లతో ఉన్న అలాంటి జోన్లన్నీ కలిస్తే రీజియన్. అమెజాన్ క్లౌడ్‌కు మన దేశంలో రెండు రీజియన్లున్నాయి. ముంబయిది 2016లో మొదలైంది, తెరమీద దాని పేరు ap-south-1. హైదరాబాద్‌ది 2022లో మొదలైంది, దాని పేరు ap-south-2. ఒక్కో దానిలో మూడేసి జోన్లున్నాయి. ఒక రీజియన్‌లోని జోన్లు ఒకదానికొకటి నూరు కిలోమీటర్ల లోపే ఉంటాయి. ముంబయికీ హైదరాబాద్‌కూ మధ్య మాత్రం గాలిలో గీత గీసినా ఆరు వందల కిలోమీటర్లు దాటుతుంది.

చెల్లింపుల యాప్‌కు ఈ దూరమే అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఎందుకో కింద చెబుతాం.

సింగిల్ జోన్

యాప్, దాని లెక్కల డేటాబేస్ రెండూ ఒకే జోన్‌లో ఉంటాయి. అక్కడ కరెంటు పోతే అంతా ఆగుతుంది. ఉగాది నాడు మాకు జరిగింది ఇదే.

ఆగడం కంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్‌లో ఓవీహెచ్ అనే సంస్థ డేటా సెంటర్‌కు మంటలంటుకున్నాయి. ఒక భవనం పూర్తిగా, పక్కదానిలో కొంత కాలిపోయాయి. అసలు లెక్కలనూ బ్యాకప్‌నూ ఆ ఆవరణలోనే పెట్టుకున్న కొందరు ఖాతాదారులకు ఏదీ మిగల్లేదు. బీరువా పక్కనే దాని నకలున్న బీరువా పెడితే నిప్పుకు రెండూ ఒకటే.

కొటేషన్‌లో కనిపించే శాతాలను కూడా గంటల్లోకి మార్చుకుని చూడాలి. అమెజాన్ ఒంటరి సర్వర్‌కు నెలలో 99.5 శాతం లభ్యత మాట ఇస్తుంది. ముప్ఫై రోజుల నెలలో మిగిలిన అర శాతం అంటే 3 గంటల 36 నిమిషాలు. కనీసం రెండు జోన్లలో సర్వర్లు పెట్టుకుంటే ఆ మాట 99.99 శాతం, అంటే నెలకు 4 నిమిషాల పైచిలుకు. ఈ మాట తప్పితే వారు ఇచ్చేది వారి బిల్లులో తగ్గింపు మాత్రమే. మన సభ్యురాలి పదకొండు రోజుల తిప్పలకు అందులో పరిహారం లేదు.

మల్టీ జోన్: కార్బన్ పేపర్ పద్ధతి

మేము గుమాస్తా పనిలో చేరిన రోజుల్లో రసీదు పుస్తకంలో కార్బన్ పేపర్ పెట్టి రాసేవాళ్లం. పై కాగితం మీద అక్షరం పడుతుండగానే కింది కాగితం మీదా పడేది. రసీదు చించి ఇచ్చేసరికి నకలు ఆఫీసులో ఉన్నట్టే.

మల్టీ జోన్ డేటాబేస్ ఇలాగే పనిచేస్తుంది. చెల్లింపు మొదటి జోన్‌లో రాస్తారు, రెండో జోన్‌లోనూ రాసినట్టు జవాబు వచ్చాకే "చెల్లింపు జరిగింది" అని ఫోన్‌కు చెబుతారు. జోన్లు దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఈ ఎదురుచూపు సెకనులో వెయ్యో వంతుల్లో ముగుస్తుంది, ఎవరికీ తెలియదు. మొదటి జోన్ పడిపోతే రెండోది అసలు పుస్తకంగా మారుతుంది. అమెజాన్ వారి మామూలు మల్టీ జోన్ డేటాబేస్‌లో ఈ మార్పుకు సాధారణంగా ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. రసీదు ఇచ్చిన చెల్లింపు ఏదీ పోదు.

ఇక్కడ కొటేషన్‌లో ఒక మాయ ఉండవచ్చు. యాప్ సర్వర్లు రెండు జోన్లలో పెట్టి, డేటాబేస్‌ను ఒక్క జోన్‌లోనే ఉంచి, దాన్నే మల్టీ జోన్ అని రాసేవాళ్లున్నారు. డేటాబేస్ ఉన్న జోన్ పోతే రెండో జోన్‌లోని సర్వర్లు ఖాళీ కౌంటర్ దగ్గర కూర్చున్నట్టే. కాబట్టి డేటాబేస్ నకలు ఏ జోన్‌లో ఉందో విడిగా అడగాలి.

సర్వర్ల బలం కూడా లెక్క చూడాలి. రెండు జోన్లలో సర్వర్లు 70 శాతం చొప్పున పనిచేస్తున్నాయనుకోండి. ఒకటి పోతే మిగిలినదాని మీద 140 శాతం బరువు పడుతుంది, అదీ కూలుతుంది. అదే మూడు జోన్లలో 60 శాతం చొప్పున నడుస్తుంటే, ఒకటి పోయినా మిగిలిన రెండూ 90 శాతంతో మోయగలవు. ఈ లెక్క మామూలు రోజుది కాదు, పండుగ సాయంత్రపు రద్దీది తీసుకోవాలి.

మల్టీ రీజియన్: తపాలాలో పంపిన నకలు

మరి రీజియన్ మొత్తం పడిపోతే? అలా జరగదని చెప్పలేం. 2025 అక్టోబర్ 20న, మనకు దీపావళి నాడు మధ్యాహ్నం, అమెరికాలోని వర్జీనియా రీజియన్‌లో అమెజాన్ వారి ఒక డేటాబేస్ సేవ చిరునామాను చెప్పే రికార్డు ఖాళీ అయిపోయింది. దాన్ని నిర్వహించే సాఫ్ట్‌వేర్‌లోని లోపమే కారణం. ఆ రీజియన్‌లో ఆరు జోన్లున్నాయి. ఏ భవనంలోనూ కరెంటు పోలేదు, నిప్పు పుట్టలేదు. అయినా అన్ని జోన్లూ ఒకే చిరునామా పుస్తకం మీద ఆధారపడటంతో ఎన్నో యాప్‌లు గంటల తరబడి ఆగాయి. జోన్లు ఎన్ని పెంచుకున్నా ఇలాంటిదానికి మందు లేదు. రెండో రీజియన్ ఉండాలి.

ఆ రెండోది ఏ దేశంలోనైనా ఉండవచ్చా అంటే, కుదరదు. చెల్లింపుల వివరాలు మన దేశంలోనే నిల్వ ఉండాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. ముంబయి అసలైతే నకలుకు సింగపూర్ కాదు, హైదరాబాద్ లాంటి మన ఊరే కావాలి.

అయితే ఇంత దూరానికి కార్బన్ పేపర్ పద్ధతి కష్టం. ప్రతి చెల్లింపూ హైదరాబాద్ నుంచి జవాబు వచ్చేదాకా ఆగితే ఆలస్యం పెరుగుతుంది, మధ్యలో కేబుల్ తెగితే బాగున్న ముంబయి కూడా ఆగాల్సి వస్తుంది. అందుకే ఎక్కువమంది ముంబయిలో రాసి రసీదు ఇచ్చేసి, నకలును తర్వాత పంపుతారు. తపాలాలో పంపిన నకలు లాంటిదే ఇది. దారిలో ఎప్పుడూ కొన్ని ఉత్తరాలుంటాయి.

మా ఉగాదినే తీసుకుని లెక్క వేశాం. సెకనుకు ఒక చెల్లింపు, ఒక్కోటి ₹500. నకలు 5 సెకన్లు వెనకబడి ఉండగా ముంబయి పడిపోయింది. అప్పుడు అయిదుగురి చేతిలో రసీదు ఉంటుంది, హైదరాబాద్ పుస్తకంలో ఆ ₹2,500 ఉండదు. ఆ డబ్బు బ్యాంకులో సంఘం ఖాతాకు చేరే ఉంటుంది. కాబట్టి హైదరాబాద్‌లో యాప్ తెరిచాక బ్యాంకు జాబితానూ మన పుస్తకాన్నీ లావాదేవీ నంబరు ప్రకారం టాలీ చేసి, తప్పిపోయిన అయిదూ ఎక్కించాలి. ఈ పని ఎవరిది, ఎన్ని గంటల్లో చేస్తారు అన్నది ఒప్పందంలో లేకపోతే, మూడు రెట్ల ధర పెట్టి కూడా పెద్దావిడ కథ మళ్లీ మొదలవుతుంది.

ఇంకో చిక్కు ఉంది. కేబుల్ తెగి ముంబయి కనబడకపోతే, అది పోయిందనుకుని హైదరాబాద్ తనంతట తాను చెల్లింపులు తీసుకోవడం మొదలుపెట్టవచ్చు. ముంబయి మాత్రం బతికే ఉంటుంది. ఒకే సంఘానికి రెండు అసలు పుస్తకాలు తయారవుతాయి, వాటిని కలపడం మహా కష్టం. అందుకే రీజియన్ మార్పును యంత్రానికి వదలకుండా, బాధ్యత గల మనిషి ముంబయిలో రాత ఆపించి, ఆ తర్వాతే హైదరాబాద్ తెరవాలి.

మేము ఎంచుకున్నది

మా సంఘాల స్థాయికి ముంబయిలో మల్టీ జోన్ తీసుకున్నాం. దానితో పాటు డేటాబేస్ నకలు హైదరాబాద్‌కు నిరంతరం వెళుతుంది. అక్కడ యాప్ సర్వర్లను మామూలుగా నడపం, అవసరమైనప్పుడు తెరుస్తాం. దానికి గంటో రెండు గంటలో పట్టినా మాకు ఫరవాలేదు. నిమిషం కూడా ఆగకూడని బ్యాంకుకు ఇది చాలదు. రోజువారీ బ్యాకప్ విడిగా ఉంటుంది. ఎవరైనా పొరపాటున ఖాతాలు చెరిపేస్తే ఆ చెరిపివేత కూడా నకలుకు వెళ్లిపోతుంది కాబట్టి, పాత తేదీ ప్రతి ఒకటి ఉండి తీరాలి.

పెద్దావిడ బాధకు అసలు మందు మాత్రం ఈ మూడు ధరల్లో దేనిలోనూ లేదు. బ్యాంకు వైపు గానీ యూపీఐ వైపు గానీ ఇబ్బంది వస్తే మన జోన్లూ రీజియన్లూ ఏమీ చేయలేవు. అందుకని ప్రతి చెల్లింపుకూ ఫోన్‌లోనే ఒక నంబరు పుట్టాలని రాయించాం. అదే నంబరుతో మళ్లీ అడిగితే సర్వర్ కొత్తగా డబ్బు తీసుకోకుండా పాతదాని సంగతి చెప్పాలి. అది తేలేదాకా "మీ చెల్లింపు పరిశీలనలో ఉంది, మళ్లీ కట్టవద్దు" అని తెలుగులో, పెద్ద అక్షరాలతో కనిపించాలి.

చివరి షరతు పరీక్ష. యాప్ ప్రారంభానికి ముందు ఒక ఆదివారం తెల్లవారుజామున వారు ఒక జోన్‌ను ఆపాలి. ఆ సమయంలో మేం పది మందిమి రూపాయి చొప్పున కడుతూ ఉంటాం. రెండు మూడు నిమిషాల్లో యాప్ తేరుకోవాలి, రసీదులూ బ్యాంకు జాబితా రూపాయితో సహా సరిపోవాలి. అది కళ్లతో చూశాకే చివరి వాయిదా చెక్కు మీద సంతకం పెడతాం.