కాశీకి ప్యాకేజీలోనా, సొంతంగానా?

కాశీ యాత్ర ప్యాకేజీ కరపత్రంలో ముందు ధర చూస్తాం. చూడవలసింది కాశీలో ఎన్ని రాత్రులు ఉంచుతారన్నది. వారం రోజుల్లో ప్రయాగ, గయ, అయోధ్య కూడా తిప్పాలంటే కాశీకి రెండు రాత్రులు మిగలడమే కష్టం. మనవాళ్లలో చాలామంది కోరుకునే తొమ్మిది నిద్రలు అందులో ఇమడవు. అది మీ సంకల్పమైతే సొంతంగా వెళ్లడమే మేలు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజే టికెట్లు తీసుకోండి. బస కూడా అప్పుడే ఖాయం చేసుకోవాలి. తెలుగువారి సత్రాల్లో గది, భోజనం తక్కువలో అయిపోతాయి.

ఖర్చు పెరిగేది ఊళ్ల మధ్య తిరుగుడు దగ్గర. కాశీ నుంచి గయ సుమారు 250 కిలోమీటర్లు. కారు అద్దె నలుగురు పంచుకుంటే భారం కాదు. ఇద్దరే అయితే తలకు రెట్టింపు పడుతుంది, అక్కడ ప్యాకేజీ చవకగా తేలవచ్చు. అయితే పిండప్రదానం దక్షిణ, పడవ, ఆటో, మధ్యాహ్న భోజనం ధరలో కలిశాయో లేదో రాతపూర్వకంగా అడిగి, కలవనివి కూడి చూడండి.

హిందీ రాని పెద్దవాళ్లు ఒంటరిగా బయల్దేరితే మాత్రం నేను ప్యాకేజీకే ఓటేస్తాను. గయలో పురోహితుణ్ణి కుదిర్చి, తెలుగులో మాట్లాడే మనిషి వెంట ఉండటం వాళ్లకు డబ్బు కన్నా ఎక్కువ. మోకాళ్ల నొప్పులుంటే బస్సు ఎక్కడ ఆగుతుందో, ఘాట్‌కు ఎంత నడవాలో ముందే అడగండి.