వచ్చాడా, వచ్చిండా?

‘వచ్చినాడు’ అని ఒకసారి గబగబా అనండి. రాయలసీమలో ఈ మాట ఇంచుమించు నిండుగానే వినిపిస్తుంది. కోస్తాలో మధ్యనున్న నకారం జారిపోయింది. దాంతో ఇ, ఆ రెండూ కలిసిపోయి, ‘బ్యాంకు’లో పలికే అచ్చుగా మారాయి. దానికి మన లిపిలో వేరే అక్షరం లేదు కాబట్టి ‘వచ్చాడు’ అని రాసి సరిపెట్టుకుంటున్నాం.

తెలంగాణలో నకారం నిలిచింది, దాని మీదున్న ‘ఆ’ పోయింది. న, డ పక్కపక్కన పడేసరికి డకారం కోసం నాలుక ముందుగానే పైకి మడతపడుతుంది, ‘వచ్చిండు’ అవుతుంది. దీన్ని తప్పు తెలుగు అనేవాళ్లను చూస్తే నాకు వింతే. ‘వచ్చాడు’ పోగొట్టుకున్న నకారం ఇందులో భద్రంగా ఉంది మరి!

అన్ని క్రియలూ ఇలా నడవవు. ‘తిన్నాడు’లో కోస్తావాళ్లూ నకారాన్ని వదల్లేదు. తెలంగాణలో ‘తిన్నడు’ అని అచ్చు కురచయిందంతే.