దారి నిండా డేటా ఉంటేనే దూరపు లింకుకు వేగం

హైదరాబాద్‌లోని ఒక ఆఫీసుకు 1 గిగాబిట్ లింకు ఉందనుకుందాం. అంటే సెకనుకు వంద కోట్ల బిట్లు మోయగల లింకు. అక్కడి నుంచి కాలిఫోర్నియాలోని సర్వర్‌కు 10 గిగాబైట్ల ఫైలు పంపాలి. లెక్క ప్రకారం ఇది 80 సెకన్ల పని. కానీ రెండు కంప్యూటర్లలో ఒకటి పాతకాలపు హద్దుకే కట్టుబడి ఉంటే, అదే ఫైలు చేరడానికి పదిన్నర గంటలు పడుతుంది. లింకులో లోపం ఉండదు, దారిలో రద్దీ ఉండదు. ఇంకా ఎక్కువ డబ్బు పోసి 10 గిగాబిట్ల లింకు తెచ్చుకున్నా ఆ పదిన్నర గంటల్లో మార్పు రాదు.

ఎందుకు రాదో తెలియాలంటే ఫైలు ఎలా ప్రయాణిస్తుందో చూడాలి. ఇంటర్నెట్‌లో ఫైళ్లు పంపే పని చాలావరకు టీసీపీ అనే నియమావళి ప్రకారం జరుగుతుంది. పంపేవైపు కంప్యూటర్ ఫైలును చిన్న చిన్న ప్యాకెట్లుగా చేసి వదులుతుంది. అందుకునే కంప్యూటర్ ‘ఇంతవరకు చేరింది’ అంటూ రసీదు పంపుతుంది. రసీదు వచ్చేదాకా పంపిన ప్యాకెట్ నకలును పంపేవైపు తన మెమరీలో దాచుకోవాలి. ఎందుకంటే దారిలో అది పోతే మళ్లీ పంపాల్సింది తనే. అందుకునేవైపు కూడా ‘ప్రస్తుతం నా దగ్గర ఇంత చోటు ఉంది, అంతకుమించి పంపవద్దు’ అని ప్రతి రసీదులోనూ చెబుతుంది. ఈ హద్దునే విండో అంటారు. రసీదు రాని డేటా విండోకు సమానం కాగానే పంపేవైపు ఆగిపోతుంది. కొత్త రసీదు వస్తేనే మళ్లీ కదులుతుంది.

ఇప్పుడు దూరం సంగతి. హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాదాపు 14 వేల కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. గీత గీసినట్టు నేరుగా కేబుల్ వేసినా, వెళ్లడానికి 70 మిల్లీసెకన్లు, రసీదు తిరిగి రావడానికి మరో 70 పడతాయి. నిజానికి కేబుళ్లు ముందు సముద్ర తీరానికి చేరి, అక్కడి నుంచి చుట్టు తిరిగి పోతాయి. కాబట్టి రానూపోనూ సమయాన్ని 250 మిల్లీసెకన్లు, అంటే పావు సెకను అనుకుందాం. ఈ పావు సెకనును ఏ కంపెనీ వాళ్లూ డబ్బు తీసుకుని సగానికి తగ్గించలేరు. కాంతి వేగమే దానికి అడ్డు.

పాతకాలపు హద్దు అన్నాను కదా, అది 65,535 బైట్లు. వాడుకలో 64 కేబీ. 1 గిగాబిట్ లింకు మీద అంత డేటా బయటికి వెళ్లడానికి అర మిల్లీసెకను చాలు. ఆ తర్వాత మిగిలిన 249న్నర మిల్లీసెకన్లూ పంపేవైపు ఊరికే రసీదు కోసం చూస్తూ కూర్చుంటుంది. రసీదు రాగానే మళ్లీ అర మిల్లీసెకను పని, మళ్లీ ఎదురుచూపు. అంటే పావు సెకనుకు 64 కేబీ చొప్పున, సెకనుకు దాదాపు 2.1 మెగాబిట్లు మాత్రమే వెళ్తాయి. గిగాబిట్ లింకులో అది ఐదు వందల్లో ఒక వంతు. లింకును పది రెట్లు పెంచితే అర మిల్లీసెకను పని ఇంకా ముందుగా అయిపోతుంది, ఎదురుచూపు ఆ మేరకు పెరుగుతుంది. ఫైలు మాత్రం అదే సమయానికి చేరుతుంది.

మరి లింకు ఖాళీగా ఉండకూడదంటే దారిలో ఎంత డేటా ఉండాలి? మొదటి ప్యాకెట్ రసీదు తిరిగి వచ్చేదాకా పంపేవైపు ఆగకుండా పంపుతూనే ఉండాలి. అంటే లింకు వేగాన్ని రానూపోనూ సమయంతో గుణించాలి. దీన్నే బ్యాండ్‌విడ్త్ డిలే ప్రొడక్ట్ అంటారు. మన ఉదాహరణలో సెకనుకు 100 కోట్ల బిట్లను పావు సెకనుతో గుణిస్తే 25 కోట్ల బిట్లు. ఎనిమిదితో భాగిస్తే 3 కోట్ల 12 లక్షల 50 వేల బైట్లు, అంటే 31 మెగాబైట్ల పైచిలుకు. ఏ క్షణంలో చూసినా అంత డేటా పంపబడి, ఇంకా రసీదు అందకుండా ఉండాలి. అప్పుడే ఆ లింకు నిండినట్టు.

సాగునీటి కాలువలోనూ ఇదే లెక్క పనిచేస్తుంది. జలాశయం దగ్గర వదిలిన నీరు శివారు పొలానికి చేరడానికి పట్టే కాలాన్ని, సెకనుకు పారే నీటితో గుణిస్తే వచ్చేది కాలువలో నిలిచి ఉన్న నీరు. కాలువ ఎంత పొడవైతే, ఎంత వెడల్పైతే, అంత నీరు దాని కడుపులోనే ఉండాలి. టీసీపీకి అదనంగా ఉన్న షరతు ఒక్కటే. రసీదు తిరిగి వచ్చే సమయాన్ని కూడా కలిపి లెక్క వేయాలి.

ఈ గుణకారంలో వేగం, సమయం రెండూ సమానమే. అందుకే ఈ లోపం దగ్గరి దూరాల్లో బయటపడదు. ఒకే భవనంలో రెండు కంప్యూటర్ల మధ్య రానూపోనూ సమయం అర మిల్లీసెకను ఉంటే, అదే 64 కేబీ విండో గిగాబిట్ లింకును పూర్తిగా నింపేస్తుంది. 20 మిల్లీసెకన్ల దూరంలోని మరో నగరానికి పంపితే 26 మెగాబిట్లు వస్తాయి. అమెరికాకైతే 2. ఆఫీసులో పరీక్షించినప్పుడు అంతా బాగుండి, సముద్రం దాటగానే నత్తనడక పట్టడానికి కారణం ఇదే.

64 కేబీ హద్దు పెట్టినవారిని తప్పుపట్టలేం. 1981లో టీసీపీ ప్రమాణం వెలువడినప్పుడు విండో కొలతకు 16 బిట్ల చోటు కేటాయించారు. అందులో పట్టే అతిపెద్ద సంఖ్య 65,535. అప్పటి ఆర్పానెట్ లింకులు సాధారణంగా సెకనుకు 56 కిలోబిట్లవి. వాటిని పావు సెకను దూరానికి నింపడానికి 1,750 బైట్లు చాలు. తీగలు లావెక్కాక ఇబ్బంది మొదలైంది. 1988లో వాన్ జాకబ్సన్, రాబర్ట్ బ్రేడెన్ ఆర్‌ఎఫ్‌సీ 1072లో ఈ సమస్యను వివరించి పరిష్కారం సూచించారు. 1992లో ఆర్‌ఎఫ్‌సీ 1323గా అది స్థిరపడింది. పరిష్కారం తేలికైనదే. విండో సంఖ్యను ఒప్పుకున్నన్నిసార్లు రెట్టింపు చేసి చదువుకోవాలి. పద్నాలుగు రెట్టింపుల వరకు వెళ్లవచ్చు, అంటే దాదాపు 1 గిగాబైట్ దాకా. అయితే ఈ ఒప్పందం కనెక్షన్ మొదలయ్యే తొలి ప్యాకెట్లలోనే, రెండువైపులా జరగాలి. మధ్యలో ఏదైనా ఫైర్‌వాల్ ఆ మాటను తొలగిస్తే ఇద్దరూ మళ్లీ 64 కేబీకే పరిమితమవుతారు.

ఈనాటి కంప్యూటర్లు ఈ ఒప్పందాన్ని తమంతట తామే చేసుకుంటాయి. అయినా హద్దు వేరే చోట ఎదురవుతుంది. చాలా లినక్స్ యంత్రాల్లో అందుకునే బఫర్ గరిష్ఠంగా 62,91,456 బైట్లు, అంటే 6 మెగాబైట్లు. దాన్నంతా విండోకే వాడినా మన దారిలో దాదాపు 200 మెగాబిట్లే వస్తాయి. అందులో కొంత భాగం లెక్కాపత్రాలకు పోతుంది కాబట్టి వచ్చేది ఇంకా తక్కువే. ఇది సరిచేసినా, ఫైళ్లు పంపడానికి చాలామంది వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కు తనదైన విండో ఉంది. అది 2 మెగాబైట్లు. పావు సెకను దారిలో దాని గరిష్ఠ వేగం 67 మెగాబిట్లు.

అసలు అడ్డు ఎక్కడుందో కనిపెట్టడానికి లెక్కను తిరగేయాలి. ముందు `ping`తో రానూపోనూ సమయం చూడాలి. తర్వాత వస్తున్న వేగాన్ని దానితో గుణించాలి. 67 మెగాబిట్లను పావు సెకనుతో గుణించి ఎనిమిదితో భాగిస్తే 2.1 మెగాబైట్లు వస్తుంది. 64 కేబీ, 2 ఎంబీ వంటి గుండ్రటి అంకె దగ్గరికి ఫలితం వస్తే, అడ్డు తీగలో కాదు, విండోలో ఉందని అనుమానించాలి. నిర్ధారించుకోవడానికి ఒక కనెక్షన్‌తో ఒకసారి, ఎనిమిదింటితో ఒకసారి కొలవాలి. కింది పంక్తుల్లో `server` ఉన్న చోట అవతలి యంత్రం పేరు రాయాలి, అక్కడ `iperf3 -s` నడుస్తూ ఉండాలి.

```
iperf3 -c server -t 30
iperf3 -c server -t 30 -P 8
```

ఎనిమిది కనెక్షన్లకు వేగం దాదాపు ఎనిమిది రెట్లయితే లింకులో చోటు ఉన్నట్టే. రెండుసార్లూ ఒకటే వస్తే లింకు నిజంగా నిండినట్టు. దారిలో ప్యాకెట్లు పోతున్నా మొదటి ఫలితమే కనిపించవచ్చు. కాబట్టి `ss -ti` ఇచ్చే వివరాల్లో `retrans` అంకె కూడా చూడాలి. అది పెరుగుతూ పోతుంటే నష్టం సంగతి ముందు తేల్చుకోవాలి.

తప్పు బఫర్‌దేనని తేలితే అందుకునే యంత్రంలో మొదటి పంక్తి, పంపే యంత్రంలో రెండో పంక్తి చాలు. 31 మెగాబైట్లు కావలసిన చోట 64 ఇవ్వడానికి కారణం పైన చెప్పిన లెక్కాపత్రాల భాగమే.

```
sysctl -w net.ipv4.tcp_rmem="4096 131072 67108864"
sysctl -w net.ipv4.tcp_wmem="4096 65536 67108864"
```

విండో పెద్దదైనంత మాత్రాన లింకు వెంటనే నిండదు. టీసీపీ సాధారణంగా పది ప్యాకెట్లతో మొదలుపెట్టి, రసీదులు వచ్చేకొద్దీ ఒక్కో విడతకు రెట్టింపు చేస్తుంది. 31 మెగాబైట్లకు చేరడానికి దాదాపు పన్నెండు విడతలు, అంటే మూడు సెకన్లు. ప్యాకెట్ పోతే ఇంకా కష్టం. పాత పద్ధతిలో ఒక్క ప్యాకెట్ పోయినా దారిలోని డేటాను సగానికి తగ్గించి, విడతకు ఒక్క ప్యాకెట్ చొప్పున పెంచుకుంటూ రావాలి. మన దారిలో ఆ సగాన్ని తిరిగి పొందడానికి 45 నిమిషాలు పడుతుంది. అందుకే లినక్స్ వేగంగా కోలుకునే క్యూబిక్ పద్ధతికి మారింది. 2016లో గూగుల్ ఇంజినీర్లు ప్రకటించిన బీబీఆర్ అయితే దారి వేగాన్ని, కనిష్ఠ రానూపోనూ సమయాన్ని కొలుస్తూ, ఆ రెండింటి లబ్ధాన్నే దారిలో ఉంచాల్సిన డేటాకు ఆధారంగా తీసుకుంటుంది.

అవసరానికి మించి పంపినా లాభం లేదు. 31 మెగాబైట్ల దారిలో 62 ఉంచితే, మిగిలిన సగం మధ్యలోని రౌటర్ క్యూలో నిలబడుతుంది. అక్కడ చోటు లేకపోతే ప్యాకెట్లు రాలిపోతాయి. చోటు ఉంటే రానూపోనూ సమయం పావు సెకను నుంచి అర సెకను అవుతుంది. ఫైలు ముందుగా చేరదు సరికదా, అదే లింకు మీద వీడియో కాల్‌లో ఉన్నవారికి మాటలు ఆలస్యంగా వినిపిస్తాయి.

కాబట్టి దూరదేశపు లింకు నెమ్మదిగా ఉందని ఇంకా పెద్ద లింకు కొనే ముందు, వేగాన్ని రానూపోనూ సమయంతో ఒక్కసారి గుణించి చూడండి. ఆ లబ్ధం మీ విండో కన్నా పెద్దదైతే మార్చాల్సింది లింకును కాదు, విండోను.