కరివేపకు కత్తెర ఎప్పుడు? ఎక్కడ?
ఫొటోలో కనిపించేది సగమే.. మిగతా సగం గోటితో గీకి చూడాలి

మంగళగిరి: పెరట్లో కరివేప మొక్క ఆరడుగులు పెరిగినా కూరకు నాలుగు రెబ్బలు అందని పరిస్థితి. పైన చిన్న గొడుగులా కాసిన్ని ఆకులు, కింద నిలువునా బోడి కాండం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోని నల్లరేగడి గ్రామాల్లో చాలా ఇళ్లలో కనిపించే దృశ్యమిది. ఇలాంటి మొక్కను సెల్‌ఫోనులో ఫొటో తీసి, తెలిసిన వారికి చూపి ‘ఎక్కడ కొట్టాలి?’ అని అడగడం ఇప్పుడు మామూలైంది. అయితే ఎక్కడ అన్న ప్రశ్నకు ఎంత విలువ ఉందో, ఎప్పుడు అన్న ప్రశ్నకూ అంతే విలువ ఉంది. చోటు సరైనదై నెల తప్పితే మొక్క రెండు మూడు నెలలు మోడుగానే నిలిచిపోతుంది. బలహీనమైన మొక్కయితే పూర్తిగా ఎండిపోయే ప్రమాదమూ ఉంది.

రెబ్బ మొత్తం కలిసి ఒకే ఆకు

కత్తిరింపు తెలియాలంటే ముందుగా కరివేప ఆకు తీరును గమనించాలి. వంటింట్లో ఆకులు అని దూసి వేసేవి నిజానికి ఆకులోని చిన్న భాగాలు మాత్రమే. వాటన్నిటినీ మోసే రెబ్బ మొత్తం కలిసి ఒకే ఆకు. ఆ రెబ్బ కొమ్మకు అతుక్కున్న చోట కణుపు ఉంటుంది. కణుపు పైభాగాన, రెబ్బకు కొమ్మకు నడుమ, ఆవగింజంత కన్ను దాగి ఉంటుంది. కొత్త కొమ్మ రావాలంటే ఆ కన్ను మేల్కొనాలి.

చిటారు చిగురు క్షేమంగా ఉన్నంతకాలం కింది కన్నులు నిద్రలోనే ఉంటాయి. చిగురును తొలగిస్తే దాని కింద ఉన్న రెండు మూడు కన్నులు పక్క కొమ్మలుగా మారతాయి. అవసరమైనప్పుడల్లా కింది రెబ్బలను మాత్రమే లాగేసి, తలను వదిలేస్తూ పోతే జరిగేది దీనికి విరుద్ధం. కింద బోడి, పైన పొడవు. రెబ్బను ఈనెతో ఉంచి ఆకులను మాత్రం దూసుకున్నా ఫలితం లేదు. ఆ ఈనె ఎండి రాలిపోవడమే తప్ప మళ్లీ ఆకు తొడగదు. కాబట్టి కరివేపలో కోతకు గుర్తు ఆకు కాదు, కణుపు.

ఫొటో ఎలా ఉండాలి?

ఒక్క ఫొటోతో నిర్ణయానికి రావడం కష్టం. మొక్క పక్కన నిలబడి, మొదలు నుంచి కొన వరకు పడేలా ఒకటి తీయాలి. ఎత్తు తెలిసేందుకు పక్కన బకెట్టో, బిందెో ఉంచితే మేలు. కొన చిగురును దగ్గరగా మరొకటి, మొదలు వద్ద నేలను, పిలకలను చూపేలా ఇంకొకటి తీయాలి. తీసిన తేదీ తెలియడమూ అంతే అవసరం. ఒకే రూపంలో ఉన్న మొక్కకు ఫిబ్రవరిలో ఇచ్చే సలహా వేరు, డిసెంబరులో ఇచ్చే సలహా వేరు.

ఒక ఫొటోను చదివితే..

ఉదాహరణకు డిసెంబరు రెండో వారంలో తీసిన ఫొటో ఉందనుకోండి. నేలలో నాటిన మొక్క, ఎత్తు సుమారు ఆరడుగులు. కాండం బొటనవేలంత లావు. కింది నాలుగడుగుల మేర ఒక్క రెబ్బా లేదు. రాలిన రెబ్బల మచ్చలు మాత్రం కణుపు కణుపునా కనిపిస్తున్నాయి. పైన ఉన్న ఆకుల్లో ముదురువి పసుపు రంగుకు తిరిగి రాలుతున్నాయి. రెండు కొమ్మల కొనలు ఎండిపోయాయి. మొదలు వద్ద మూడు పిలకలు ఉన్నాయి. ఆకు రాలుతోంది కాబట్టి తెగులు సోకిందని, వెంటనే కొట్టేయాలని ఇంటివారి ఆలోచన.

ఇక్కడ మొదట చూడవలసింది ఏ ఆకులు పసుపుగా మారాయన్నది. ముదురు ఆకులు పండి రాలుతూ, కొన చిగురు పచ్చగా ఉంటే అది చలికాలపు విశ్రాంతే కావచ్చు. కరివేప వేడిని కోరే మొక్క. రాత్రి చలి పెరిగే డిసెంబరు, జనవరి నెలల్లో ఎదుగుదల మందగిస్తుంది. అలా కాక లేత ఆకులే పసుపుగా ఉండి, ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే అది ఇనుపధాతు లోపం. సున్నం పాలు ఎక్కువగా ఉన్న నల్లరేగడి నేలల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఈ లోపానికి కత్తెర మందు కాదు. కొట్టినా వచ్చే కొత్త చిగురు కూడా పసుపుగానే వస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి ఆకులు తడిసేలా పిచికారీ చేసి, చిగురు పచ్చబడిన తర్వాతే కోత గురించి ఆలోచించాలి.

రెండోది, ఎండిన కొమ్మలు. అవి ఎంతవరకు చచ్చాయో ఫొటో చెప్పదు. కొన నుంచి కిందకు వస్తూ బెరడును గోటితో కొద్దిగా గీకాలి. లోపల గోధుమ రంగు ఉంటే ఆ భాగం ఎండినట్టు, పచ్చగా తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. ఎండిన భాగాన్ని మాత్రం ఏ నెలలోనైనా పచ్చదనం మొదలైన కణుపు వరకు తీసేయవచ్చు. ఈ ఫొటోలోని మొక్కకు డిసెంబరులో చేయదగిన కోత అంతవరకే.

సంక్రాంతి దాటాకే అసలు కోత

ప్రధాన కాండాన్ని కుదించే పనిని సంక్రాంతి దాటి చలి తగ్గే వరకు ఆపాలి. ఈ మైదానాల్లో జనవరి ఆఖరు నుంచి శివరాత్రి వరకు అనుకూలమైన సమయం. అప్పటి నుంచి వేడి పెరుగుతూ పోతుంది కనుక కన్నులు త్వరగా మేల్కొంటాయి. రోహిణి కార్తె ఎండలు వచ్చే సరికి కొత్త కొమ్మలు ముదిరి, కాండానికి నీడ పట్టే స్థితికి చేరతాయి. ఈ అదను తప్పితే మృగశిర కార్తె వచ్చి తొలకరి పడిన తర్వాత ఆగస్టు వరకు మరో అవకాశం ఉంది. ఏప్రిల్ మధ్య నుంచి మే చివరి వరకు గట్టి కోత తగదు. నీడ కోల్పోయిన బెరడు ఎండకు కమిలి పగులుతుంది. అక్టోబరు, నవంబరుల్లో ముసురు పట్టి నల్లరేగడిలో నీరు నిలిచి ఉన్నప్పుడూ కత్తెర పట్టరాదు.

ఇక చోటు. ఫొటోలోని మొక్కకు కాండాన్ని మూడడుగుల ఎత్తున, అంటే దాదాపు నడుము ఎత్తులో కత్తిరించాలి. అక్కడ ఆకు లేకపోయినా రెబ్బ మచ్చ ఉన్న ప్రతి కణుపులోనూ నిద్రించే కన్ను ఉంటుంది. మచ్చకు సుమారు ఒక సెంటీమీటరు పైన, నీరు నిలవకుండా ఏటవాలుగా కోయాలి. కణుపుకు మరీ దగ్గరగా కోస్తే కన్ను ఎండుతుంది. మరీ దూరంగా కోస్తే పైన మిగిలిన మొద్దు ఎండి, ఆ ఎండు కిందకు పాకుతుంది. కత్తితో నరికితే కాండం చీలుతుంది. పదునైన కత్తెర గానీ, చిన్న రంపం గానీ వాడి ఒకేసారి శుభ్రంగా తెంచాలి.

మూడు పిలకల్లో బలమైన రెండింటిని ఉంచడం ఇక్కడ కీలకం. ప్రధాన కాండం బోడిగా ఉన్నన్నాళ్లు వేళ్లకు ఆహారం అందించేది ఆ పిలకల ఆకులే. మూడోదాన్ని వానాకాలంలో వేరుతో సహా తీసి వేరేచోట నాటుకోవచ్చు. పిలకలు లేని మొక్క అయితే ఒకేసారి అంతా కొట్టకుండా, ఆకులున్న ఒక కొమ్మనైనా మిగిల్చి, కొత్త చిగుళ్లు వచ్చిన తర్వాత దాన్ని తీయాలి.

కొట్టిన తర్వాత చేసే పొరపాటు

మోడైన మొక్కను చూసి రోజూ నీళ్లు పోయడం ఎక్కువగా జరిగే పొరపాటు. ఆకులు లేని మొక్క తాగే నీరు తక్కువ. నల్లరేగడి తడిని చాలా రోజులు పట్టి ఉంచుతుంది. వేళ్లకు గాలి ఆడక కుళ్లు మొదలవుతుంది. పైమట్టి ఆరి సన్నని పగుళ్లు కనిపించినప్పుడే నీరు పెట్టాలి. ఎరువు కూడా కోసిన రోజునే కాక, చిగుళ్లు బెత్తెడు సాగిన తర్వాత బాగా మాగిన పశువుల ఎరువు రూపంలో వేయాలి.

వాతావరణం అనుకూలిస్తే మూడు, నాలుగు వారాల్లో కన్నులు ఉబ్బుతాయి. వచ్చిన చిగుళ్లలో చుట్టూ వ్యాపించే ఐదారింటిని ఉంచి, ఒకదానిపై ఒకటి పడేవాటిని తీసేయాలి. అవి జానెడు పెరిగాక కొనలు తుంచితే మొక్క గుబురు కడుతుంది. నెల గడిచినా కదలిక లేకపోతే మళ్లీ గోటి పరీక్షే దారి. కోసిన చోటు నుంచి బెరడు నల్లబడుతూ కిందకు దిగుతుంటే పచ్చని భాగం వరకు మరోసారి కోయాలి.

లేత చిగురుకు సిల్లా పురుగులు, నిమ్మ సీతాకోకచిలుక గొంగళ్లు త్వరగా చేరతాయి. పిట్ట రెట్టలా కనిపించే చిన్న గొంగళిని నిర్లక్ష్యం చేస్తే కొద్ది రోజుల్లోనే చిగుళ్లు మాయమవుతాయి. ఇంటి మొక్క కాబట్టి చేత్తో ఏరివేయడమే మంచిది.

తోటను చూసి పెరట్లో చేయరాదు

మంగళగిరి మండలం పెదవడ్లపూడి ప్రాంతంలో కరివేపను పంటగా సాగు చేస్తారు. అక్కడ మొక్కలను నేలకు కొద్ది ఎత్తులో కొడవలితో కోసి కట్టలు కడతారు. అవి మళ్లీ చిగురిస్తాయి. అయితే వాటికి క్రమంగా నీరు, ఎరువు అందుతాయి. తరచుగా కోతకు అలవాటుపడిన ఆ మొదళ్లలో చురుకైన కన్నులు చాలా ఉంటాయి. ఏళ్ల తరబడి ఒంటి కాండంగా పెరిగిన పెరటి మొక్కను అలా మొదలంటా నరికితే తిరిగి లేవకపోవచ్చు.

గులాబీకి వేరే లెక్క

పక్కనే ఉన్న గులాబీకి కూడా ఇదే సమయంలో కత్తెర వేయాలనుకోవడం సరికాదు. గులాబీ చల్లదనాన్ని ఇష్టపడుతుంది. వానలు వెనుకబట్టే అక్టోబరు, నవంబరుల్లో, మొక్క బయటి వైపు చూసే కన్నుకు కొద్దిగా పైన కత్తిరిస్తే సుమారు నెలన్నరకు పూలు వస్తాయి. పిలకల విషయంలోనూ తేడా ఉంది. విత్తనం నుంచి పెరిగిన కరివేప వేరు నుంచి వచ్చే పిలక అదే మొక్క. అంటు గులాబీలో అంటు కట్టిన బుడిపెకు కింద నుంచి వచ్చే పిలక అడవి గులాబీ. దాన్ని ఉంచితే పై మొక్కను మింగేస్తుంది. అందుకే గులాబీ ఫొటోలో ముందుగా వెతకవలసింది ఆ బుడిపెను.

కరివేప ఒకసారి గుబురు కట్టాక మళ్లీ మోడు కాకుండా చూసుకోవడం తేలిక. కూరకు కావలసినప్పుడు కింది రెబ్బలను లాగకుండా, కొన వైపు నుంచి మూడు నాలుగు రెబ్బలున్న రెమ్మను కణుపు పైన తుంచాలి. ఏప్రిల్, మే నెలల్లో కొనల్లో పూగుత్తి కనిపిస్తే ఆ కొమ్మ ఇక పొడవు సాగదు. గుత్తిని దాని కింది కణుపు వరకు తీసేస్తే ఆకు కొనసాగుతుంది. ఏటా ఒక గట్టి కోత అవసరం లేకుండా రోజువారీ వంటే ఆ పని చేసిపెడుతుంది.