లింక్డిన్‌లో సేల్స్ ఉత్తరాన్ని తిరగరాయడం

అమెరికాలో చిన్న కన్సల్టింగ్ కంపెనీలు నడిపే మనవాళ్ళు చాలామంది కొత్త క్లయింట్లని లింక్డిన్‌లో వెదుక్కుంటారు. బెంచి మీద ఉన్న మనిషికి ప్రాజెక్టు దొరకడం చాలాసార్లు సేల్స్ కుర్రాడు రాసే నాలుగు వాక్యాలతోనే మొదలవుతుంది. ఈమధ్య డాలస్‌లో మా మిత్రుడి కంపెనీ కుర్రాడొకడు ఒహాయోలోని ఒక బీమా కంపెనీ డేటా మేనేజరుకి పంపబోయే ఉత్తరం నాకు చూపించాడు. ఇంగ్లీషులో రాసినదాన్ని ఇక్కడ తెలుగులో చెబుతాను.

"మీ ప్రొఫైల్ చూసి ముచ్చటేసింది. మాది ఐటీ సేవల్లో అగ్రగామి సంస్థ. ఈ వారం పదిహేను నిమిషాలు మాట్లాడగలరా?"

దీనికొక చిన్న పరీక్ష ఉంది. పేరు మార్చి ఇంకో వందమందికి పంపినా ఇది చెల్లుతుంది. అంటే ఆ మేనేజరు కోసం ఇందులో ఒక్క మాట కూడా లేదన్నమాట. పైగా పరిచయం కాకముందే టైము అడుగుతోంది.

మేమిద్దరం ఆ కంపెనీ ఉద్యోగ ప్రకటనలు చదివాం. ఒకదాంట్లో, ఇన్ఫర్మాటికా నుంచి స్నోఫ్లేక్‌కి మారుతున్నామని ఉంది. ఆహ్వానంతో పంపే నోట్‌కి గరిష్ఠంగా 300 అక్షరాలే చోటు, ఉచిత ఖాతాకి ఇంకా తక్కువ. అందుకని ఇలా కుదించాం:

"మీరు ఇన్ఫర్మాటికా నుంచి స్నోఫ్లేక్‌కి మారుతున్నట్టు మీ ప్రకటనలో చూశాను. కిందటేడు మేమూ ఒక బీమా కంపెనీకి ఆ పని చేశాం. నేను సేల్స్ మనిషినే. పరిచయం ఉంటే బాగుంటుందని రాస్తున్నాను."

సేల్స్ అని ముందే చెప్పేస్తే తరవాత మోసపోయామన్న భావన కలగదు. ఇందులో అడిగింది పరిచయం మాత్రమే.

ఆహ్వానం ఒప్పుకోగానే మీద పడకుండా నాలుగు రోజులు ఆగి రెండోది పంపించాడు. అందులో ఏం రాయాలో ఆ ప్రాజెక్టు చేసిన ఇంజనీరునే అడిగాం:

"మా ప్రాజెక్టులో వరసల లెక్క సరిపోయింది కానీ ప్రీమియం మొత్తాలు కలవలేదు. దశాంశాల రౌండింగులో తేడా. పాతదీ కొత్తదీ ఒక నెలాఖరు కలిపి నడిపితేగానీ బయటపడలేదు. మీరూ అలాగే నడుపుతున్నారా? ఇది మీకు పనికిరాకపోతే చెప్పండి, మళ్ళీ రాయను."

ఇందులో ఆయనకి పనికొచ్చే విషయం ఒకటి, ఒక్క ముక్కలో జవాబివ్వగల ప్రశ్న ఒకటి, కాదనడానికి దారి ఒకటి ఉన్నాయి. "నడుపుతున్నాం. తేడాలు ఎలా పట్టుకున్నారు?" అని జవాబొచ్చింది. దానికి సమాధానం ఇంజనీరు చేతే రాయించాం.

ఒక జాగ్రత్త. ప్రత్యేకంగా రాయమన్నారు కదా అని పిల్లల ఫొటోల గురించో, "మనమూ తెలుగువాళ్ళమే" అనో ఎత్తుకుంటే అవతలివాళ్ళకి ఇబ్బందిగా ఉంటుంది. ఆయన పని గురించే రాయాలి, అదీ నిజంగా చదివిందే. అలాంటిదేదీ దొరక్కపోతే పంపకపోవడమే మంచిది. ఆహ్వానం తోసిపుచ్చి, ఈ మనిషి తెనాలో గుంటూరో నాకు తెలియదని నొక్కే వీలు ఆయనకుంది. అలాంటివి పోగైతే లింక్డిన్ ఖాతాకి ఆంక్షలు పెట్టవచ్చు.

ఆహ్వానాలే ఒప్పుకోకపోతే మొదటి నోట్‌నో, ఎంచుకున్న మనిషినో మార్చాలి. ఒప్పుకున్నాక మౌనంగా ఉంటే రెండోది తిరగరాయాలి.